గెట్టు పంచాయితీలో ఆత్మరక్షణ హక్కు ఎంతదాకా?

(వరంగల్‌లో సంఘం కార్యకర్తల న్యాయ శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన దగ్గరికి సలహా కోసం వచ్చే క్రిమినల్ కేసులు చాలావరకు గెట్ల కాడ పుట్టినవే. పొద్దున ట్రాక్టర్ దిగుతది, మాట మాట పెరుగుతది, కర్రలు లేస్తయి, మాపటికి రెండు పక్షాలూ స్టేషన్‌లో ఉంటయి. అక్కడికి వచ్చినవాళ్లు మాతో చెప్పే మాట ఒక్కటే: "వాళ్లే మా చేన్లకు వచ్చిండ్రు, మమ్మల్ని మేం కాపాడుకున్నం." ఆ మాట కోర్టులో నిలబడాలంటే ఏమేం ఉండాలో ఈ రోజు మాట్లాడుకుందాం. చట్టం మొత్తం చెప్పబోవడం లేదు. చేను మీద జరిగే కొట్లాట వరకే పరిమితం అవుతాం.

ముందుగా సెక్షన్ల సంగతి. 2024 జూలై 1కి ముందు జరిగిన ఘటనలకు పాత ఐపీసీలోని 96 నుంచి 106 సెక్షన్లు వర్తిస్తాయి. ఆ తర్వాత జరిగినవాటికి భారతీయ న్యాయ సంహితలోని 34 నుంచి 44 సెక్షన్లు. అంకెలు మారినయి తప్ప సారం మారలేదు. అందుకే పాత తీర్పులు ఇప్పటికీ పనికొస్తాయి. అటువంటి తీర్పుల్లో రైతులందరూ తెలుసుకోవలసినది ఒకటుంది: మున్షీరాం వర్సెస్ ఢిల్లీ అడ్మినిస్ట్రేషన్, 1967లో సుప్రీంకోర్టు ఇచ్చింది.

కథ మనకు తెలిసినట్టే ఉంటది. ఢిల్లీ దగ్గర ఒక పొలాన్ని ఒక కౌలు కుటుంబం ఏండ్ల తరబడి దున్నుకుంటున్నది. దేశ విభజన అప్పుడు వెళ్లిపోయినవాళ్ల ఆస్తి కింద లెక్కగట్టి ప్రభుత్వం ఆ భూమిని అమ్మింది. కొన్నవాళ్లకు అధికారులు కబ్జా ఇచ్చినట్టు కాగితం రాసిచ్చారు. దున్నుతున్న కౌలుదారును చట్టప్రకారం ఖాళీ చేయించింది లేదు. ఆ కాగితం పట్టుకొని కొన్నవాళ్లు ట్రాక్టర్‌తో పొలంలోకి దిగారు. కౌలుదారు మనుషులు వచ్చి అడ్డుకున్నారు, కొట్లాటలో ట్రాక్టర్ తెచ్చినవాళ్లకు దెబ్బలు తగిలాయి. కింది కోర్టు కౌలుదారు పక్షానికి శిక్ష వేసింది. సుప్రీంకోర్టు వాళ్లను విడుదల చేసింది.

ఎందుకు విడుదల చేసిందో జాగ్రత్తగా వినాలి. కబ్జా కాగితం మీద ఇచ్చినంత మాత్రాన పొలంలో ఉన్నవాడి అనుభవం పోదని కోర్టు అన్నది. తన అనుభవంలో ఉన్న భూమిలోకి బలవంతంగా దిగుతుంటే, చేను విడిచి అధికారుల దగ్గరికి పరుగెత్తమని చట్టం అడగదని కూడా అన్నది. అంటే ఇక్కడ చూసే ప్రశ్న పట్టా ఎవరిది అని కాదు, ఆ పొద్దు పొలం ఎవరి చేతిలో ఉన్నది అని.

దీనికి తోడు 1975లో పూరణ్‌సింగ్ కేసులో అదే కోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. దొంగతనంగా రాత్రికి రాత్రి దూరి కూర్చున్నవాడికి స్థిరమైన అనుభవం ఉన్నట్టు కాదు. అటువంటివాణ్ని అసలు యజమాని అప్పటికప్పుడు బయటికి నెట్టవచ్చు. కానీ వాడు యజమానికి తెలిసేలా చాలినంత కాలం భూమిలో ఉండి, పంట వేసి ఉంటే, అప్పుడు అసలు యజమాని కూడా ఆ పంటను దున్నేసి భూమి లాక్కునే వీలు లేదు. లాక్కోబోతే ఆత్మరక్షణ హక్కు పంట వేసినవాడిది, యజమానిది కాదు. ఇది మనలో పట్టాదారులకు చేదుగా ఉంటుందని మాకు తెలుసు. కానీ ఈ సూత్రమే కౌలు రైతుకు అండ. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన చేతిలోని భూమి మీద పంటను దొర మనుషుల చేతికి పోనీయకుండా నిలబడ్డప్పుడు ఈ తీర్పులు లేవు. కానీ ఆమె వాదం ఇదే.

అయితే మన దగ్గర అనుభవం నిరూపించడమే కష్టమైన పని. ధరణి వచ్చాక పహాణీలో అనుభవదారు కాలమ్ ఎత్తేశారు. కౌలు రైతు పేరు ధరణి రికార్డులో ఎక్కడా కనిపించలేదు. కాబట్టి వేరే కాగితాలు జమ చేసుకోవాలి: విత్తనాలు, ఎరువుల బిల్లులు, ఏఈఓ చేసిన పంట నమోదు, ఎనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి అమ్మిన తక్‌పట్టీలు, పక్క చేను రైతుల సాక్ష్యం. కొట్లాట తర్వాత ఇవి పుట్టవు, ముందునుంచే ఉండాలి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. హక్కు ఉన్నది సరే, ఎంతదాకా?

ఒక ఉదాహరణ తీసుకుందాం. వర్ధన్నపేట దిక్కు ఒక రైతు పత్తి చేనులో నలుగురు ట్రాక్టర్‌తో దిగి మొక్కలు దున్నేస్తున్నారు. వాళ్ల చేతుల్లో ఏమీ లేవు. రైతు, అతని కొడుకు వచ్చి ట్రాక్టర్‌కు అడ్డం నిలబడవచ్చు, డ్రైవర్‌ను కిందికి లాగవచ్చు, వినకపోతే కర్రతో రెండు దెబ్బలు వేయవచ్చు. అది నేర ప్రవేశం, నష్టం కలిగించడం అనే నేరాలను ఆపడమే. కానీ గొడ్డలితో తలమీద కొడితే హక్కు దాటినట్టే. ఆస్తి కోసం ప్రాణం తీసే వీలు 41వ సెక్షన్ కొద్ది సందర్భాల్లోనే ఇచ్చింది: దోపిడీ, రాత్రిపూట ఇంటికి కన్నం, మనుషులుండే ఇంటికి గానీ సరుకు దాచే కొట్టానికి గానీ నిప్పు పెట్టడం, లేదంటే ప్రాణం పోతుందనో తీవ్ర గాయం అవుతుందనో భయపడేలా జరిగే దొంగతనం, నష్టం, ఇంట్లోకి చొరబాటు. ఊరికే చేనులోకి దిగడం ఆ జాబితాలో లేదు.

అదే నలుగురు గొడ్డళ్లు, బరిసెలు పట్టుకొని వచ్చి రైతు మీదికే ఎత్తితే లెక్క మారుతుంది. అప్పుడు కాపాడుకుంటున్నది పత్తిని కాదు, ఒంటిని. 38వ సెక్షన్ ప్రకారం ప్రాణభయం, తీవ్ర గాయం భయం ఉంటే ఎదుటివాడి ప్రాణం పోయినా నేరం కాదు. మొదటి దెబ్బ తగిలేదాకా ఆగాలన్న నియమమేమీ లేదు, భయానికి సరైన ఆధారం ఉంటే చాలు. ఆ గడబిడలో ఎంత గట్టిగా కొట్టాలో తూకం రాళ్లతో తూచలేరని కోర్టులు చాలాసార్లు అన్నాయి.

కానీ భయం ఆగిన క్షణాన హక్కు కూడా ఆగుతుంది. 1962లో జైదేవ్ కేసు ఇదే చెప్పింది. అప్పటి పంజాబ్‌లో ఒక పొలం దగ్గర పెద్ద కొట్లాట, ఆరుగురు చనిపోయారు. పొలం నిందితుల అనుభవంలోనే ఉందనీ, మొదట్లో వాళ్లకు రక్షించుకునే హక్కు ఉందనీ సుప్రీంకోర్టు ఒప్పుకున్నది. అయితే ఎదుటి పక్షం పారిపోతున్నాక వాళ్ల మీద తుపాకులు పేల్చారు. ఆ కాల్పులను కోర్టు రక్షణ అనలేదు, హత్య అన్నది. మన కేసుల్లో ఎక్కువ ఓడిపోయేది ఇక్కడే. గాయం వీపుకు ఉన్నదా, ముందుకు ఉన్నదా, శవం మన చేనులో దొరికిందా, మూడు చేన్ల అవతల దొరికిందా అన్నది పంచనామాలో రాసి ఉంటుంది. మాటల కన్నా అది గట్టిగా మాట్లాడుతుంది.

కొన్నిచోట్ల హక్కు అసలే ఉండదు. ముందు రాత్రే తెలిసి, స్టేషన్‌కు పోయే టైం ఉండి కూడా పోకుండా, మనుషులను పోగుచేసుకొని చేనుకాడ కాచుక్కూర్చుంటే, అది రక్షణ కాదు, కొట్లాటకు కొట్లాట. ఇద్దరూ సిద్ధపడి వచ్చిన కొట్లాటలో ఎవరికీ ఆత్మరక్షణ ఉండదు. అధికారి తన హోదాలో, సద్భావంతో చేసే పనికి ఎదురుతిరిగే హక్కు కూడా లేదు. ఆ పని చట్టప్రకారం పూర్తిగా సరైనది కాకపోయినా లేదు, ప్రాణభయం, తీవ్ర గాయం భయం ఉంటే తప్ప. పోడు భూముల రైతులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. అటవీ హక్కుల చట్టం ప్రకారం దరఖాస్తు పరిశీలన పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదు, నిజమే. కానీ దాన్ని అడగవలసింది గ్రామసభలో, కలెక్టర్ దగ్గర, హైకోర్టులో. ఫారెస్టు సిబ్బంది మీద చెయ్యి లేస్తే ఆ వాదమే మునిగిపోతుంది. ఇంకొక మాట: పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ పెట్టి, దానికి తగిలి మనిషి చనిపోతే అది ఆస్తి రక్షణ కిందికి రాదు. ఎవరు వస్తారో చూడని తీగకు హద్దు తెలియదు.

ఇక నిందితుడు ఏం చూపించాలి? సాక్ష్య అధినియమంలో 108వ సెక్షన్, పాత చట్టంలో 105, ఆత్మరక్షణ అనే మినహాయింపు కోరేవాడే దాన్ని చూపించాలంటుంది. భారం తన మీద ఉన్నా, అది ప్రాసిక్యూషన్ మోసేంత బరువు కాదు. ప్రాసిక్యూషన్ సందేహానికి తావు లేకుండా రుజువు చేయాలి. నిందితుడు "ఇట్లా జరిగి ఉండడమే ఎక్కువ నమ్మదగినట్టు ఉన్నది" అనిపిస్తే చాలు. సొంత సాక్షులనే తేవాలని కూడా లేదు. మున్షీరాం కేసులో నిందితులు తమ వాంగ్మూలంలో ఆత్మరక్షణ అన్న మాటే ఎత్తలేదు. కానీ ఎదుటి సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్‌లో, డిఫెన్స్ సాక్ష్యంలో దానికి పునాది పడింది కాబట్టి కోర్టు పరిగణించింది. అయినా అదృష్టం మీద ఆధారపడవద్దు. "నేను ఆ రోజు ఊళ్లోనే లేను" అని చెప్పినవాడు తర్వాత ఆత్మరక్షణ అంటే నమ్మించడం చాలా కష్టం. వకీలుకు మొదటి రోజే నిజం చెప్పాలి.

ఈ నియమం పోలీసులకూ వర్తిస్తుంది. 2019 డిసెంబరులో షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులను కాల్చి చంపి, ఆత్మరక్షణకే కాల్చామని పోలీసులు చెప్పారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఆ కథ నమ్మదగినట్టు లేదని 2022లో నివేదిక ఇచ్చింది. చెప్పిన కథకూ దొరికిన ఆధారాలకూ పొసగకపోతే యూనిఫాం కూడా నిలబెట్టదు.

గాయాల సంగతి చెప్పి ముగిస్తాం. మన పక్షానికి దెబ్బలు తగిలి ఉంటే, ఆ దెబ్బలు ఎట్లా వచ్చినయో ప్రాసిక్యూషన్ చెప్పలేకపోవడం మన వాదానికి బలం. 1976లో లక్ష్మీసింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట వివరంగా చెప్పింది. గీతలు, కమిలిన మచ్చలు ఈ లెక్కలోకి రావు, తీవ్రమైన గాయాలే వస్తాయి. అందుకే కొట్లాట జరిగిన రోజే, అరెస్టు భయమున్నా సరే, ఎంజీఎం ఆసుపత్రికి గానీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి గానీ పోయి, గెట్టు కొట్లాటలో తగిలినవని చెప్పి మెడికో లీగల్ కేసుగా రాయించుకోవాలి. ఆర్‌ఎంపీ దగ్గర కుట్లు వేయించుకుంటే రికార్డు మిగలదు. అదే రోజు స్టేషన్‌లో మన ఫిర్యాదు కూడా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్పీకి గానీ కమిషనర్‌కు గానీ స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. ఆ ఫిర్యాదులో ఎవరు ముందుగా చేనులోకి దిగారు, చేతుల్లో ఏమున్నయి, ఎవరి దెబ్బ ఎవరికి తగిలింది, ఎక్కడ ఆగింది అన్నది ఉన్నది ఉన్నట్టు రాయాలి. మనవాళ్లు కొట్టిన దెబ్బను దాచవద్దు. హద్దు దాటిందేమో అన్న అనుమానమున్నా, సద్భావంతో, ముందుగా అనుకోకుండా దాటిందని కోర్టు నమ్మితే నేరం హత్య నుంచి 105వ సెక్షన్ కిందికి దిగుతుంది. ఇప్పుడు మీ ఊళ్లలో నడుస్తున్న కేసుల కాగితాలు తెచ్చినవాళ్లు ముందుకు రండి, ఒక్కొక్కటిగా చూద్దాం.