చెక్కు చెల్లేదెప్పుడు?

రామాపురం రైతు ఒకరు మినుములు అమ్మితే తెనాలి వ్యాపారి 48,500 రూపాయలకు చెక్కు ఇచ్చాడనుకుందాం. రైతు పేరు, తేదీ, మొత్తం అక్షరాల్లోనూ అంకెల్లోనూ రాసి, చివర ‘మాత్రమే’ అని ముగించాలి. ముందు ఖాళీ వదిలితే ఎవరైనా అంకె చేర్చగలరు.

ఎడమ మూల పైన రెండు అడ్డగీతలు గీస్తే అది క్రాస్ చేసిన చెక్కు. కౌంటర్లో నగదు ఇవ్వరు. గీతల మధ్య ‘అకౌంట్ పేయీ’ అని రాస్తే డబ్బు రైతు ఖాతాలోనే పడుతుంది.

రైతు దాన్ని రేపల్లెలోని తన బ్యాంకులో వేస్తే, కాగితం తెనాలి వెళ్లదు. స్కాన్ చేసిన బొమ్మే క్లియరింగుకు వెళ్తుంది. 2025 అక్టోబరు 4 నుంచి ఈ బొమ్మలను ఎప్పటికప్పుడు పంపుతున్నారు. వ్యాపారి బ్యాంకు సంతకం, తేదీ, నిల్వ చూస్తుంది.

తిరిగొచ్చే చెక్కుల్లో నిల్వ చాలనివే కాదు, సంతకం కలవనివీ ఉంటాయి. అక్షరాలకూ అంకెలకూ పొంతన లేకపోయినా, మొత్తాన్ని దిద్దినా, తేదీకి మూడు నెలలు దాటినా వెనక్కి వస్తుంది. పై నెల తేదీ వేసిన చెక్కును ఈ నెలే వేసినా అంతే!

కారణం బ్యాంకు ఇచ్చే మెమోలో ఉంటుంది. నిల్వ లేదని వస్తే, మెమో అందిన 30 రోజుల్లోపు రైతు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అది అందిన 15 రోజుల్లో వ్యాపారి చెల్లించకపోతే, ఆపై నెలలోపు 138వ సెక్షన్ కింద కోర్టుకెక్కవచ్చు.