కొట్టేసి పక్కన రాస్తే వీలునామా మారదు

ఈ ఎపిసోడ్‌లో మా ఇంట్లో జరిగిందే చెప్తా.

మా తాతయ్యకి ఖమ్మంలో ఒక ఇల్లు, వైరా దగ్గర నాలుగెకరాల పొలం ఉన్నాయి. రెండూ ఆయన సంపాదించినవే. 2014లో వీలునామా రాసి రిజిస్టర్ చేయించాడు. ఇల్లు మా నాన్నకి, పొలం భద్రాచలంలో ఉండే బాబాయికి. దాన్ని అమలు చేయాల్సిన ఎగ్జిక్యూటర్‌గా ఒక ఫ్రెండ్ పేరు పెట్టాడు.

2019లో ఆ ఫ్రెండ్ చనిపోయారు. మారాల్సింది ఒక్క పేరే. అలాంటప్పుడు కోడిసిల్ చాలు. అంటే పాత వీలునామాకి జతచేసే చిన్న పత్రం. ఫలానా తేదీ వీలునామాలో ఇది మారుస్తున్నా, మిగతాదంతా అలాగే ఉంటుంది అని రాస్తారు. చిన్నదే కదా అని సాక్షుల్ని వదిలేయకూడదు. వీలునామాకి లాగే సంతకం, ఇద్దరు సాక్షులు ఉండాల్సిందే.

తర్వాత బాబాయి పోయాడు. పొలం పిన్నికే దక్కాలని తాతయ్య పాత వీలునామాలో బాబాయి పేరు పెన్నుతో కొట్టేసి, పక్కన పిన్ని పేరు రాశాడు. కింద సంతకం లేదు, సాక్షులు లేరు. భారత వారసత్వ చట్టం, 1925లోని 71వ సెక్షన్ ప్రకారం అలాంటి దిద్దుబాటు చెల్లదు. పాత పేరు చదవడానికి వస్తుంటే అదే లెక్క.

మరి పొలం ఎవరికి వెళ్తుంది? మామూలుగా, రాసిన మనిషి కంటే ముందే తీసుకోవాల్సిన వాళ్లు చనిపోతే ఆ రాత పోతుంది. కానీ పోయింది కొడుకై, అతని పిల్లలు బతికుంటే 109వ సెక్షన్ దాన్ని కాపాడుతుంది. తాతయ్య పోయిన వెంటనే బాబాయి పోయినట్టు లెక్కేస్తారు. బాబాయి వీలునామా రాయలేదు. కాబట్టి పొలం ఆయన వారసులకి, అంటే పిన్నికి, ఇద్దరు పిల్లలకి, వాళ్లమ్మైన మా నానమ్మకి తలా ఒక ఎకరం. తాతయ్య అనుకున్నది ఇది కాదు!

దీన్ని ఇంకో కోడిసిల్‌తోనూ మార్చొచ్చు. కానీ అప్పుడు మూడు పత్రాలు పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒక్కోదానికీ విడిగా సాక్షి కావాలి. పేరు మారితే కోడిసిల్, పంపకమే మారితే కొత్త వీలునామా. నాకు అర్థమైంది అది.

తాతయ్య కొత్తది రాశాడు. మొదటి పేరాలోనే 2014 వీలునామాని, 2019 కోడిసిల్‌ని రద్దు చేస్తున్నట్టు తేదీలతో పెట్టించాం. ఆ మాట లేకపోతే, కొత్తదానికి విరుద్ధంగా లేని పాత రాతలు బతికే ఉంటాయని ఎవరైనా వాదించొచ్చు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా పాతది రిజిస్టర్ అయింది కాబట్టి ఇదీ చేయించాం.

ఒక్క మాట: ఏజెన్సీ భూములకి, గిరిజన కుటుంబాల వారసత్వానికి రూల్స్ వేరు. ఈ లెక్క అక్కడ పెట్టకండి.

మీ ఇంట్లో వీలునామా ఉంటే తీసి చూడండి. అందులో పెన్ను దిద్దుబాటు కనిపిస్తే, రాసిన మనిషి ఉండగానే అడగండి. బై!