కర్టెన్‌కి స్టెప్పర్ మోటారా, సర్వోనా? నేను తప్పు కొన్న కథ

లాస్ట్ ఎపిసోడ్ కింద చాలామంది అడిగారు, "బ్రో, కర్టెన్ ఆటోమేషన్‌కి ఏ మోటార్ కొనాలి?" అని. ఫస్ట్ నేనే తప్పు మోటార్ కొన్నాను, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

మా అమ్మమ్మకి తుంటి ఆపరేషన్ అయింది. మంచం దిగలేదు. ఆ గది కిటికీ పడమర వైపు. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ నేరుగా ముఖం మీద పడుతుంది. కర్టెన్ వేయాలంటే ఎవరో ఒకరిని కేకేయాలి. మంచం పక్కన ఒక బటన్ పెడితే చాలు కదా అనుకున్నాను. ఇంట్లో సర్వో ఉంది, దాంతోనే మొదలెట్టాను.

ఇక్కడే లెక్క తప్పింది. మామూలు సర్వో తిరిగేది 180 డిగ్రీలు, అంటే అర చుట్టు. మా కర్టెన్ జరగాల్సింది 120 సెంటీమీటర్లు. అర చుట్టులో అంత బెల్ట్ లాగాలంటే పుల్లీ వ్యాసం దాదాపు 76 సెంటీమీటర్లు ఉండాలి. కిటికీ పైన బండి చక్రం కంటే పెద్దది బిగించాలన్నమాట!

"కంటిన్యువస్ రొటేషన్ సర్వో ఉంది కదా?" అంటారు. ఉంది. కానీ అందులో పొజిషన్ చెప్పే పని తీసేస్తారు. మనం స్పీడ్ మాత్రమే చెప్పగలం, ఎంత దూరం వెళ్లిందో దానికి తెలియదు. సర్వో అసలు బలమే పోయింది. వెనీషియన్ బ్లైండ్ రెక్కల్ని వంచాలంటే మాత్రం మామూలు సర్వో బాగుంటుంది, ఎందుకంటే అక్కడ తిరగాల్సింది కొంచెమే.

సో, స్టెప్పర్. ఎంత బలం కావాలి? లగేజీ తూచే స్ప్రింగ్ త్రాసుని కర్టెన్‌కి తగిలించి లాగాను. ఎక్కువలో ఎక్కువ ఒకటిన్నర కిలో చూపించింది. 20 పళ్ల GT2 పుల్లీ వ్యాసార్థం సుమారు 0.64 సెంటీమీటర్లు. రెండూ గుణిస్తే దాదాపు 1 కేజీ-సెంటీమీటర్ టార్క్. చవగ్గా దొరికే 28BYJ-48, దాంతో వచ్చే ULN2003 బోర్డు దీనికి చాలవు, ఆ మోటార్ ఇచ్చేది ఇందులో మూడో వంతే. మామూలు నీమా 17కి హోల్డింగ్ టార్క్ 4 దాకా ఉంటుంది. తిరిగేటప్పుడు కొంత తగ్గినా సరిపోతుంది. ఆ పుల్లీ ఒక చుట్టుకి 4 సెంటీమీటర్లు లాగుతుంది, మనకి 30 చుట్లు కావాలి. సెకనుకి ఒక చుట్టు తిప్పితే అర నిమిషంలో పని అయిపోతుంది.

ఇక డ్రైవర్. ఫస్ట్ A4988 పెట్టాను, చవక కదా. బటన్ నొక్కగానే కర్టెన్ రాడ్ మొత్తం మోగింది. అమ్మమ్మ ఉలిక్కిపడి, "ఒరేయ్, ఈ గదిలో గ్రైండర్ పెట్టావేంట్రా?" అంది. మోటార్ వణుకు రాడ్‌లోకి, రాడ్ నుంచి గోడలోకి వెళ్లి ఇంకా పెద్దదవుతుంది. డ్రైవర్ మార్చి TMC2209 పెట్టాను. దాంట్లో స్టెల్త్‌చాప్ అనే మోడ్ కరెంట్‌ని నున్నగా మారుస్తుంది. ఇప్పుడు వినిపించేది కర్టెన్ రింగుల చప్పుడే. TMCStepper లైబ్రరీలో ముఖ్యమైన సెట్టింగ్స్ ఇవి:

```
driver.toff(4);
driver.rms_current(700);   // mA
driver.microsteps(16);
driver.en_spreadCycle(false);
```

700 అనేది నా మోటార్‌కి. మీ మోటార్ రేటింగ్ చూసి, దానికంటే తక్కువ పెట్టండి. ఇంకో మాట, పవర్ ఆన్‌లో ఉండగా మోటార్ వైర్ పీకొద్దు, డ్రైవర్ కాలిపోవచ్చు.

అంతా అయిపోయింది అనుకున్నాను. ఒకరోజు కర్టెన్ సగంలో ఉండగా కరెంట్ పోయింది. తిరిగి వచ్చాక బటన్ నొక్కితే, కర్టెన్ చివరికి చేరినా మోటార్ ఇంకా లాగుతోంది, టకటకటక అని. ఎందుకంటే స్టెప్పర్ తను ఎక్కడుందో తెలుసుకోదు, మన కోడ్ అడుగులు లెక్కపెడుతుందంతే. కరెంట్ పోతే లెక్క సున్నా. ఎవరైనా చేత్తో లాగినా అంతే.

పరిష్కారం రెండు చివరలా ఒక్కో లిమిట్ స్విచ్. కర్టెన్ తగలగానే మోటార్ ఆగుతుంది, లెక్క మళ్లీ సరిచేసుకుంటుంది. స్విచ్ పాడైతే? 32 చుట్లు దాటినా స్విచ్ తగలకపోతే ఆపేయమని కోడ్‌లో రాశాను. కరెంట్ రాగానే దానంతటదే కదలకూడదు, తర్వాత బటన్ నొక్కినప్పుడే చివరికి వెళ్లి లెక్క సరిచూసుకోవాలి. లేకపోతే అర్ధరాత్రి రెండింటికి కర్టెన్ కదులుతుంది, అమ్మమ్మ హడలిపోతుంది.

"పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడం చాలు" అంటే, రెండు స్విచ్‌లతో గేర్ ఉన్న డీసీ మోటార్ కూడా సరిపోతుంది. మా అమ్మమ్మకి మాత్రం సగమే మూయాలి, రోడ్డు మీద ఎవరు పోతున్నారో కనపడాలి. ఆ సగం కోసమే స్టెప్పర్.

మీ కర్టెన్‌కి స్ప్రింగ్ త్రాసు తగిలించి ఎంత చూపించిందో కామెంట్‌లో పెట్టండి, మోటార్ లెక్క కలిసి వేద్దాం.