బండి కొనాలంటే నెలలు కాదు, పంటలు లెక్కపెట్టాలి
(దివిసీమలో జరిగిన గ్రామ రైతు సమావేశంలో మాట్లాడిన మాటలు)



మా ఇంట్లో బండి కొనాలని అనుకున్నప్పుడు వేసిన లెక్క చెబుతాను. మాది మూడెకరాల కౌలు, రెండు గేదెలు. మా అమ్మాయి అవనిగడ్డకు చదువుకు వెళ్ళి రావాలి. పాత బండి రోజు మార్చి రోజు షెడ్డులోనే ఉంటోంది.

ముందు షోరూముకు వెళ్ళి రోడ్డెక్కే ధర అడిగాను. బోర్డు మీద రాసిన ధర చూసి వచ్చేస్తే లాభం లేదు. రోడ్డు టాక్సు, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపితే లక్ష అయింది. పాత బండికి 15 వేలు వస్తాయి. ఈలోగా ధర పెరిగితే అని 5 వేలు కలుపుకున్నాను. కావలసింది 90 వేలు. రెండేళ్ళు గడువు పెట్టుకుంటే నెలకు 3,750.

కాగితం మీద బాగానే ఉంది. కానీ ఆగస్టులో, నాట్లయి ఎరువు వేసే నెలలో, 3,750 ఎక్కడి నుంచి తెస్తాం? ఉద్యోగస్తుడి లెక్క మనకు అతకదు. అందుకని డబ్బు వచ్చే చోట్లను బట్టి పంచుకున్నాను.

పాల బిల్లులో తవుడు, దాణా ఖర్చు పోగా నెలకు 2,400 పక్కన పెట్టగలం. ఇక్కడే మొదట పొరపాటు చేశాను, 24 నెలలూ లెక్కేశాను. గేదెలు రెండూ ఒట్టిపోయే నెలలు ఉంటాయి కదా! మా ఆవిడ గుర్తుచేస్తే నాలుగు నెలలు తీసేశాను. 20 నెలలకు 48 వేలు. మిగిలింది 42 వేలు. రెండు వరి పంటల మీద 15 వేల చొప్పున, రెండు మినుము పంటల మీద 6 వేల చొప్పున వేసుకుంటే సరిపోయింది. అదీ కౌలు బస్తాలు కొలిచి, ఎరువుల కొట్టు బాకీ తీర్చాక మిగిలిన దాంట్లోంచే. ధాన్యం డబ్బు ఖాతాలో పడిన వారంలోగా వేరే ఖాతాకు మార్చకపోతే అది కనిపించకుండా పోతుంది.

పోస్టాఫీసు ఆర్.డి. మంచిదే గానీ దాని గడువు ఐదేళ్ళు, మూడేళ్ళు నిండకుండా మూయనివ్వరు. రెండేళ్ళ బండికి అది కుదరదు. బ్యాంకులో 24 నెలల ఆర్.డి. దొరుకుతుంది, కానీ కంతు తప్పితే జరిమానా ఉంటుంది. అందుకే కంతు 1,500కే కట్టుకుని, మిగతాది మామూలు పొదుపు ఖాతాలో వేశాం. ఒట్టిపోయిన నెలల్లో కంతు ఆ ఖాతాలోంచే కట్టాం.

ఇక తుపాను సంగతి. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు కోసిన పనలు ఎలా తడిశాయో మీరంతా చూశారు. ఒక వరి పంట అలా పోతే 15 వేలు తక్కువ పడుతుంది. దాన్ని పాల డబ్బు మీద రుద్దితే దాణా తగ్గించాలి, దాణా తగ్గితే పాలు తగ్గుతాయి. అప్పుడు బండిని తర్వాతి వరి పంట దాకా జరపడమే. అప్పు చేసి కొన్నవాడికి వాయిదా జరపడం చేతిలో ఉండదు, నెల తిరిగేసరికి ఫోను మోగుతుంది.

మీరు కూడా ఈ రాత్రి ఇంట్లో వాళ్ళను కూర్చోబెట్టుకుని, ఏ నెలలో ఏ డబ్బు వస్తుందో క్యాలెండరు మీదే రాయండి. పాల లెక్క మాత్రం ఆడవాళ్ళను అడిగే రాయండి.