పామిడి నుంచి అనంతపురానికి: సైకిల్ యాత్ర ముందురోజు సమావేశంలో మాట్లాడిన మాటలు



ఎక్కువ సేపు మాట్లాడము. మీరంతా బిరీన ఇంటికి పోయి పండుకోవల్ల. అయితే ఇప్పుడు చెప్పే టైములు మాత్రం చెవిన పెట్టండి, పోయినేడు అవి సరిగ్గా చెప్పకనే కదా ఇబ్బంది పడ్డాము.

డబ్బు ఎందుకు పోగు చేస్తున్నామో అందరికీ తెలుసు. మన సంఘాల్లో డయాలసిస్‌కు పోయే అక్కలు ఉన్నారు. వారానికి మూడు రోజులు ఇదే రోడ్డు మీద అనంతపురం పోయి, నాలుగు గంటలు మంచం మీద పండుకొని, మళ్లీ ఇదే రోడ్డున తిరిగొస్తారు. వైద్యం సర్కారు పథకంలో జరుగుతుంది. ఆటోకు, తోడు పోయేవాళ్ల చార్జీకి ఖర్చు అవుతుంది, ఆ పూట కూలి పోతుంది. ఆ ఖర్చు కోసమే ఈ యాత్ర.

ఇక దారి. మొత్తం దాదాపు 30 కిలోమీటర్లు, నాలుగు మజిలీలు. తెలతెలవారుతుండగా 6:30కి పామిడిలో కదులుతాము. మొదటి మజిలీ కల్లూరు, 8 కిలోమీటర్లు. 7:20కి చేరి, నీళ్లు తాగి 7:35కి లేస్తాము. రెండోది గార్లదిన్నె, ఇంకో 6 కిలోమీటర్లు. 8:15కి అక్కడుంటాము. ఉగ్గాని, బజ్జీ గార్లదిన్నె సంఘం వాళ్లు చేస్తున్నారు. అరగంట కూర్చుని 8:45కి కదులుతాము. అక్కడికి దాదాపు సగం దూరం అయినట్టే. మూడో మజిలీ ఊరు కాదు. గార్లదిన్నె దాటి 8 కిలోమీటర్లు పోయినాక రోడ్డుకు ఎడమ పక్కన నీలం టార్పాలిన్ కట్టి ఉంటుంది, అదే గుర్తు. 9:40కి అక్కడికి చేరి 9:55కి లేస్తాము. ఆఖరి 8 కిలోమీటర్లు తొక్కి 10:55కి అనంతపురం టవర్ క్లాక్ దగ్గర దిగుతాము.

పోయిన వారం ఒక చెల్లెలు అడిగింది, "అక్కా, గంటకు పది కిలోమీటర్లేనా? మా పిల్లోడు ఇరవై తొక్కుతాడు" అని. ఆ పిల్లోడికి గేర్ల సైకిలుంది తల్లీ, మనవి గేర్లు లేని లేడీస్ సైకిళ్లు. ఇంకో సంగతి, మన పామిడి పెన్న ఒడ్డున లోతట్టులో ఉంది. అనంతపురం మనకన్నా మిట్ట. ఎక్కడా పెద్ద గుట్ట రాదు గానీ, దారంతా కంటికి కనపడని ఎక్కుడే. కంటికి చదునుగా ఉంటుంది, మోకాళ్లకే తెలుస్తుంది. అందుకే 8 కిలోమీటర్లకు మొదట 50 నిమిషాలు వేసి, ఆఖరున అదే 8కి గంట వేసినాము. ఫిబ్రవరి పెట్టుకున్నది కూడా ఊరికే కాదు. ఆషాఢం, శ్రావణంలో అయితే నైరుతి గాలి ఎదురు కొడుతుంది, తొక్కినా తొక్కనట్టే ఉంటుంది. ఇప్పుడు ఆ గాలి లేదు.

పోయినేడు ఏం జరిగిందో కొత్తవాళ్ల కోసం చెప్తాము. మార్చిలో పెట్టుకున్నాము. జెండా ఊపే పెద్దమనిషి కోసం కాచుకొని కాచుకొని 8:10కి కదిలినాము. గార్లదిన్నె దాటేసరికే ఎండ నెత్తికెక్కింది. మాతో వచ్చిన ఒక అక్కకు తల తిరిగింది, వాంతి వచ్చేట్టుంది అనింది. టెంపో ఎక్కమంటే ఎక్కలేదు. ఎందుకంటే ఆమె కార్డులో ఒక బట్టల అంగడాయన కిలోమీటరుకు 10 రూపాయలు రాసినాడు. 30 కిలోమీటర్లు తొక్కితే 300, గార్లదిన్నెలో దిగితే 140. "160 రూపాయలు పోతాయి, ఒకరి బస్సు చార్జీ పోతుంది" అని తొక్కింది. ఇంకో నాలుగు కిలోమీటర్లకు హ్యాండిల్ ఒక పక్కకు లాగింది, పడిపోయింది. పడింది మట్టిలోకి కాబట్టి సరిపోయింది. రెండు చేతుల అవతల లారీలు పోతున్నాయి.

తప్పు ఆమెది కాదు. అట్లా కార్డు రాయించిన మాది. అందుకే ఈ ఏడు కార్డులు మార్చినాము. కిలోమీటరు లెక్క తీసేసినాము. ఇచ్చేవాళ్లు మొత్తం ఎంతో ముందే రాస్తారు, 300 అంటే 300. మీరు కల్లూరులో దిగినా అంతే, టవర్ క్లాక్ చూసినా అంతే. అంగడి అంగడికీ పోయి ఈ మాట చెప్పి వచ్చినాము. ఇద్దరు ముగ్గురు "అట్లయితే తొక్కేదెందుకు?" అన్నారు. అనుకోనీ.

రెండు చోట్ల మాత్రం గడువు ఉంది. గార్లదిన్నెకు 8:45 దాటి వచ్చినవాళ్లు, టార్పాలిన్ దగ్గరికి 10:15 దాటి వచ్చినవాళ్లు ఉగ్గాని తిననీ, నీళ్లు తాగనీ, అక్కడి నుంచి సైకిల్‌తో సహా టెంపోలో వస్తారు. అలిగేది లేదు, బతిమాలేది లేదు. వెనక పడినారంటే ఒంట్లో శక్తి తగ్గిందని అర్థం. పైగా వాళ్లు తొక్కాల్సిన గంట అందరికన్నా ఎక్కువ ఎండలో పడుతుంది.

ఇద్దరిద్దరు జతగా పోతారు, జతలు సీసీ మేడం రాసినారు. మీ జతను అప్పుడప్పుడు పలకరిస్తా ఉండండి. తలనొప్పి, కడుపులో తిప్పడం, ఎండలో కూడా ఒళ్లు జిల్లుమనడం ఉంటే వెంటనే దిగి నీడకు పోవల్ల. మెడ మీద, ముఖం మీద తడిగుడ్డ వేసి, ఓఆర్ఎస్ కొంచెం కొంచెం తాపండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు తలగొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. అంతకన్నా ఉప్పు వేయొద్దు. పలకరిస్తే పొంతన లేని జవాబు చెప్తే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు. ఒంటి మీద నీళ్లు పోస్తా 108కి ఫోన్ చేయండి. టెంపో వచ్చేదాకా కాచుకోవద్దు.

హైవే సంగతి. సర్వీసు రోడ్డు ఉన్నంత దూరం దాంట్లోనే. లేని చోట ఎడమ అంచున ఒకరి వెనక ఒకరు, మధ్యన రెండు సైకిళ్ల ఎడం. కబుర్లు మజిలీలో చెప్పుకోవచ్చు. అంచున పగిలిన లారీ టైర్ల ముక్కలు పడి ఉంటాయి, వాటిలో సన్నని ఇనుప తీగలుంటాయి. పోయినేడు మూడు పంక్చర్లూ వాటితోనే. ముందు పోయేవాళ్లు చూస్తే చెయ్యెత్తి "తీగ" అని అరవండి. పంక్చర్ అయితే సైకిల్‌ను మట్టిలోకి దించి నిలబడండి, మెకానిక్ టెంపోలోనే ఉంటాడు. అవతలి పక్క హోటల్ కనపడిందని డివైడర్ దాటొద్దు. బాత్రూముకు అన్ని మజిలీల్లో ఏర్పాటు చేసినాము. టార్పాలిన్ దగ్గర చీరలతో మరుగు కట్టిస్తున్నాము. అందుకని నీళ్లు తాగకుండా ఉండొద్దు. ఈ మాట మనలో మనమే చెప్పుకోవల్ల.

ఈ రాత్రికి ఒక్క పని చేయండి. సీటు ఎత్తు చూసుకోండి. దిగినప్పుడు కాలు పూర్తిగా నేలకు ఆనాలని మనమంతా సీటు కిందికి దించుకుంటాము. ఊర్లో తిరగడానికి ఫర్వాలేదు, 30 కిలోమీటర్లకు మోకాళ్లు పట్టుకుపోతాయి. సీటు మీద కూర్చుని పెడలు కిందికి వచ్చినప్పుడు మడమ దానికి తాకి, కాలు చక్కగా చాపుకోవల్ల. అదీ సరైన ఎత్తు. కొంగు, చున్నీ నడుముకు చుట్టుకోండి, చైన్ కవర్ లేని సైకిల్‌ను రేపు బయల్దేరనీయము.

ఈసారి జెండా ఊపేది మన సంఘాల్లో అందరికన్నా పెద్దవయసు అవ్వ. ఆమె ఐదింటికే వచ్చి కూర్చుంటానని చెప్పింది. మీరు ఆరింటికి రండి. గాలి పంపులు రెండు ఉంటాయి, కార్డులు అక్కడే ఇస్తాము.