కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్ల నెత్తురు

ఐదో నెల గర్భిణి ఒకామె పళ్లు తోముకుని ఉమ్మితే నురగ ఎర్రగా కనబడింది. భయపడి బ్రష్ పక్కన పెట్టేసింది. వారం తిరిగేసరికి నెత్తురు తగ్గకపోగా ఇంకా పెరిగింది.

ఎందుకు? కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్లు పెరుగుతాయి. దాంతో పంటి మొదట్లో చేరిన పాచికి చిగుళ్లు మామూలుకంటే ఎక్కువగా వాస్తాయి. తోమడం మానేస్తే పాచి పెరుగుతుంది, నెత్తురూ పెరుగుతుంది. అందుకే మానకండి. మెత్తని బ్రష్‌తో రోజుకు రెండుసార్లు, చిగురు అంచు వెంట నెమ్మదిగా తోమండి. వాంతయిన వెంటనే మాత్రం వద్దు. కడుపులోని పులుపుకు పంటి పైపొర మెత్తబడి ఉంటుంది. నీళ్లతో పుక్కిలించి, అరగంట ఆగండి.

ఆమె పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. గార తీశారు. ఒక పన్ను సలుపుతోందంటే ఎక్స్‌రే కావాలన్నారు. "బిడ్డకేమైనా అవుతుందేమో!" అన్నారు అత్తగారు. కాదండీ. ఆ కిరణాలు పంటి వైపే వెళ్తాయి. కడుపును చేరేది దాదాపు ఏమీ ఉండదు. అవసరమైతే తీయించుకోవచ్చు. మొద్దుబార్చే ఇంజెక్షన్ వేసి పన్ను నింపడం, పీకడం కూడా చేయించుకోవచ్చు. నాలుగు నుంచి ఆరో నెల దాకా కుర్చీలో వాలడం సుఖం. కానీ బుగ్గ వాచినా, చీము పట్టినా ఏ నెలైనా ఆగకండి. నొప్పి మాత్ర మాత్రం సొంతంగా వేసుకోకండి.

గుర్తుంచుకోండి: నెత్తురు వచ్చినా తోమడం ఆపొద్దు. గర్భిణినని డాక్టరుకు ముందే చెప్పండి, వైద్యం వాయిదా వేయకండి.