ఐదు రౌండ్లు అయ్యాయి, ఫోన్ రావట్లేదు: ఆ ఒక్క మెయిల్ ఎలా రాయాలి?

ముమ్మిడివరం నుంచి, అమలాపురం నుంచి చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతున్న ప్రశ్న ఇది. "అన్నా, రౌండ్లన్నీ అయిపోయాయి, హెచ్‌ఆర్ నుంచి చప్పుడు లేదు. ఎనీ అప్‌డేట్ అని పెడితే, వీ విల్ గెట్ బ్యాక్ అంటున్నారు" అని.

అలా ఎందుకు అంటారో ముందు చూద్దాం. ఒక రిక్రూటర్ చేతిలో ఒకేసారి చాలా పోస్టులు ఉంటాయి. మీ మెయిల్ చూడగానే మీరెవరో, ఏ పోస్టుకో, ఎక్కడ ఆగారో ఆవిడకి గుర్తు రాదు. సిస్టమ్ తెరిచి వెతకాలి. కొన్నిసార్లు మధ్యలో రిక్రూటరే మారిపోతారు. ఇంకొన్నిసార్లు ఇంటర్వ్యూ చేసినాయన ఫీడ్‌బ్యాక్ ఎక్కించడం మర్చిపోతాడు. సిస్టమ్‌లో మీ పేరు ఆ రౌండ్ దగ్గరే ఆగిపోతుంది, ఎవరూ గమనించరు. "ఎనీ అప్‌డేట్" అన్న రెండు ముక్కలకి ఇవేవీ బయటపడవు. రౌండ్లన్నీ తేదీలతో రాస్తే మాత్రం, ఏది సిస్టమ్‌లో లేదో ఆవిడకే కనబడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బ్యాకెండ్ ఇంజినీర్ పోస్టు. మేనేజర్ రౌండ్ ఏప్రిల్ 3న అయింది. "వారంలో చెప్తాం" అన్నారు, అంటే 10. ఆ తేదీ దాటాక రెండు మూడు పనిదినాలు ఆగండి. 14న అంబేద్కర్ జయంతి సెలవు, కాబట్టి 15 పొద్దున్న పంపాలి. కొత్త మెయిల్ వద్దు, పాత థ్రెడ్‌లోనే రిప్లై ఇవ్వండి, చరిత్రంతా కిందే ఉంటుంది. మెయిల్ ఇంగ్లీషులోనే రాస్తారు గానీ, విషయం అర్థమవ్వాలని తెలుగులో చెప్తున్నా:

> మేడమ్, నమస్తే. బ్యాకెండ్ ఇంజినీర్ పోస్టు (జాబ్ ఐడీ ఇక్కడ) గురించి రాస్తున్నాను. ఇప్పటివరకు అయినవి: ఆన్‌లైన్ టెస్ట్ మార్చి 6, టెక్నికల్ రౌండ్లు మార్చి 12, 19, సిస్టమ్ డిజైన్ మార్చి 27, మేనేజర్ రౌండ్ ఏప్రిల్ 3. పే స్లిప్పులు ఏప్రిల్ 4న పంపాను.
>
> మూడు విషయాలు తెలియజేయగలరు. ఇంకా ఇంటర్వ్యూ ఏదైనా మిగిలి ఉందా? లేకపోతే నా ఫైలు ఇప్పుడు ఫీడ్‌బ్యాక్ దగ్గరా, అప్రూవల్ దగ్గరా? నిర్ణయం ఏ తేదీకి ఆశించవచ్చు?
>
> నా నోటీస్ పీరియడ్ 60 రోజులు. మరో ఆఫర్‌కి ఏప్రిల్ 25 లోపు జవాబు చెప్పాలి. నా మొదటి ఆసక్తి మీ పోస్టు మీదే.

ఇంతే అండి. ఇందులో "నేను సెలెక్ట్ అయ్యానా?" అని లేదు చూడండి. ఆ మాట చెప్పే అధికారం రిక్రూటర్‌కి చాలాచోట్ల ఉండదు. గూగుల్‌లో ఇంటర్వ్యూ చేసినవాళ్లు అభిప్రాయం రాస్తారు, నిర్ణయానికి వేరే కమిటీ ఉంటుంది, టీమ్ కుదరడం ఇంకో దశ. కానీ ఫైలు ఎక్కడుందో, ఏం మిగిలిందో రిక్రూటర్ చెప్పగలరు. ఆవిడ చెప్పగలిగినదే అడిగాం. రౌండ్‌లో తప్పు చెప్పిన జవాబుకి ఇప్పుడు వివరణ కూడా రాయొద్దు. ఇంకో ఆఫర్ నిజంగా ఉంటేనే ఆ లైను పెట్టండి. లెటర్ చూపించమంటే చూపించాలి కదా!

జవాబు వచ్చాక దాన్ని చదవడం ఇంకో పని. "అప్రూవల్‌లో ఉంది" అంటే ఎక్కువసార్లు మీ మీద అభిప్రాయం బాగానే ఉంది, జీతానికో పోస్టుకో పైవాళ్ల సంతకం కావాలి అని. "ఇంకా కొందరిని చూస్తున్నాం" అంటే మీరు మొదటి పేరు కాకపోవచ్చు, చేతిలో ఉన్న ఆఫర్ వదలకండి. "హోల్డ్‌లో ఉంది" అంటే పోస్టే ఆగింది. అప్పుడు మీరెంత మంచి మెయిల్ రాసినా కదలదు. 15న పంపిన దానికి జవాబు లేకపోతే 22న ఇదే థ్రెడ్‌లో ఒకే లైను పెట్టండి, 25 తేదీ గుర్తు చేస్తూ. దానికీ పలక్కపోతే, ఆ పోస్టు లేదనుకుని 25న నిర్ణయం తీసుకోండి.

ఆఫర్ లెటర్ వచ్చినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది: జాయినింగ్ తేదీ. ఇన్ఫోసిస్ 2022 బ్యాచ్ గుర్తుందా? సుమారు 2,000 మంది ఫ్రెషర్లు ఆఫర్ లెటర్లు పట్టుకుని రెండేళ్లదాకా ఎదురుచూశారు. 2024లో నైట్స్ అనే ఉద్యోగుల సంఘం కేంద్ర కార్మిక శాఖకి ఫిర్యాదు చేసింది. ఆ తర్వాత 2024 అక్టోబర్ 7 తేదీతో జాయినింగ్ లెటర్లు వచ్చాయి. అందుకని ఆఫర్ ఒప్పుకునే మెయిల్‌లోనే అడగండి: జాయినింగ్ తేదీ ఖాయమా, మారే అవకాశం ఉందా, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేరకముందా, చేరాకా? ఈ మూడింటికీ రాతపూర్వకంగా జవాబు వచ్చేవరకు ఇప్పుడున్న ఉద్యోగానికి రాజీనామా పెట్టకండి. ఫోన్‌లో చెప్పేస్తే, "మీరు చెప్పినట్టు జాయినింగ్ ఫలానా తేదీ" అని అదే రోజు మీరే ఒక మెయిల్ వేయండి.